ఘడియల నుంచి గంటలకు: స్కాన్ చేసిన పంచాంగ పట్టికలో కాలమానం

స్కాన్ చేసిన ముద్రిత పట్టికలోని కాలాన్ని దశాంశ గంటలుగానో, గడియారపు ప్రామాణిక కాలంగానో మార్చే పని తెలుగు పుస్తకాలకు సంబంధించినంతవరకు పంచాంగాల దగ్గరే అన్నిటికంటె చిక్కుగా ఎదురవుతుంది. రైళ్ల సమయాల పట్టికలోనో, హాజరు పట్టీలోనో ఉన్న అంకె అర్ధరాత్రి నుంచి లెక్కించినదనీ, అందులో గంటకు అరవై నిమిషాలనీ చదివేవాడికి ముందే తెలుసు. పంచాంగంలో మాత్రం ఒకే వరుసలో సూర్యోదయం గడియారపు గంటల్లోనూ, తిథి, నక్షత్రాలు ఘడియల్లోనూ, వర్జ్యం మళ్ళీ గంటల్లోనూ ఒకే రకం అచ్చుతో పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య తేడా చూపే గుర్తు ఒక్కోసారి పట్టిక తలలో ఒక పొడి అక్షరం మాత్రమే, ఒక్కోసారి అదీ ఉండదు. ఈ సమీక్ష విజయవాడ ప్రాంతాన్ని, అందులోనూ కృష్ణ ఒడ్డున ఉన్న భవానీపురాన్ని లెక్కకు ఆధారస్థలంగా తీసుకుని, ఇలాంటి పట్టికను మార్చడానికి వాడుకలో ఉన్న పద్ధతులు ఎక్కడి వరకు నిలుస్తాయో, ఎక్కడ జారిపోతాయో పరిశీలిస్తుంది.

ముందుగా కొలమానం. సూర్యోదయం నుంచి మరుసటి సూర్యోదయం వరకు గల కాలాన్ని అరవై భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక ఘడియ. ఘడియను తిరిగి అరవై చేస్తే విఘడియ. గడియారపు లెక్కలో ఘడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు, రెండున్నర ఘడియలు ఒక గంట. అందుచేత ఘడియలను 0.4తో గుణిస్తే గంటలు వస్తాయి. లెక్క ఇంతే గనుక ఇందులో తప్పేముంటుందని అనిపించడం సహజమే కాని, తప్పు గుణకారంలో రాదు, గుణించవలసిన సంఖ్యను చదవడంలో వస్తుంది. తిథి గడిలో 23-45 అని ఉంటే దాని భావం 23 ఘడియల 45 విఘడియలు. ఇక్కడి గీత గానీ, కొన్ని పంచాంగాల్లో దాని స్థానంలో కనిపించే చుక్క గానీ దశాంశ బిందువు కాదు. నలభై అయిదు విఘడియలంటే ముప్పావు ఘడియ కాబట్టి అసలు సంఖ్య 23.75, దాన్ని 0.4తో గుణిస్తే 9.5 గంటలు. మార్చి 20 ప్రాంతంలో భవానీపురంలో సూర్యోదయం ఉదయం 6 గంటల 11 నిమిషాలకు అవుతుంది కాబట్టి, ఆ తిథి మధ్యాహ్నం 3 గంటల 41 నిమిషాలకు ముగిసింది. అదే గడిలోని చుక్కను దశాంశంగా తీసుకున్నవారికి 23.45ను గుణించగా 9.38 గంటలు, అంటే 3 గంటల 34 నిమిషాలు వస్తుంది. గడియారపు కాలంగా తీసుకున్నవారికి రాత్రి పావు తక్కువ పన్నెండు. మూడోది చూడగానే అనుమానం కలిగించవచ్చు. రెండోది కలిగించదు, అసలు ప్రమాదం ఆ రకం తప్పుతోనే.

కాలాన్ని దశాంశంలో రాయడం కంప్యూటర్లతో వచ్చిన అలవాటేమీ కాదు. మద్రాసులో ఎల్. డి. స్వామికన్ను పిళ్ళై 1922లో వెలువరించిన భారతీయ పంచాంగ గణిత సంపుటాలు శాసనాల తేదీలు తేల్చేవారికి నేటికీ ఆధారగ్రంథాలు; వాటిలో తిథి ముగిసే క్షణం ఘడియల్లో కాక, రోజులో దశాంశ భాగంగా ఇచ్చారు. ఒక తిథికి ఎదురుగా .45 అని ఉంటే సూర్యోదయం తర్వాత రోజులో నూటికి నలభై అయిదు పాళ్ళు గడిచాక ఆ తిథి ముగిసిందని అర్థం. అరవైతో గుణిస్తే 27 ఘడియలు, ఇరవై నాలుగుతో గుణిస్తే 10.8 గంటలు, అంటే 10 గంటల 48 నిమిషాలు. ఎక్సెల్ వంటి పట్టికల సాఫ్ట్‌వేర్ కూడా కాలాన్ని లోలోపల ఇలాగే రోజులో భాగంగానే దాచుకుంటుంది, మధ్యాహ్నం పన్నెండు దానికి 0.5. కాని పిళ్ళై దశాంశం సూర్యోదయం నుంచి మొదలవుతుంది, ఎక్సెల్ దశాంశం అర్ధరాత్రి నుంచి. ఈ రెండు దశాంశాలను కలిపిన పట్టికల్లో అన్ని విలువలూ సుమారు ఆరు గంటలు వెనక్కి జరిగి ఉంటాయి. తిథి ముగింపు రోజులో ఏ వేళనైనా రావచ్చు కాబట్టి ఆ జరుగుడు పైకి కనిపించదు.

స్కాన్ నుంచి అంకెలు బయటికి వచ్చే తీరులోనే మొదటి నష్టం జరుగుతుంది. పాత పంచాంగాల్లో తెలుగు అంకెలుంటాయి. తెలుగు సున్న ౦, అక్షరాల పక్కన వచ్చే పూర్ణానుస్వారం ం కంటికి ఒకటే అయినా కంప్యూటర్‌కు వేర్వేరు సంకేతాలు, అక్షరాలు గుర్తించే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ ఒకదాని బదులు మరొకటి పెట్టడం అరుదు కాదు. ౨, ౩ల మధ్య తేడా చివరి మెలికలోనే ఉంది, అచ్చు అరిగిన పుటల్లో అది పోతుంది. ఇవి సరిగ్గా వచ్చాక కూడా, పట్టిక సాఫ్ట్‌వేర్ తన సొంత తెలివి చూపిస్తుంది. 6.30 అని ఉన్న సూర్యోదయాన్ని అది సంఖ్యగా తీసుకుని చివరి సున్న కొట్టేసి 6.3గా చూపిస్తుంది, తర్వాత దాన్ని చూసినవారికి అది ఆరుంబావు దాటిన కాలమో, ఆరు గంటల మూడు నిమిషాలో తేల్చుకునే దారి ఉండదు. 5-12 అని ఉన్న తిథి ఘడియలు డిసెంబరు అయిదో తేదీగానో, మే పన్నెండుగానో మారిపోతాయి. అదే వరుసలో కింద ఉన్న 41-50 తేదీ కాలేదు గనుక అక్షరాలుగానే మిగులుతుంది. ఒకే నిలువు వరుసలో సగం కుడివైపుకూ, సగం ఎడమవైపుకూ ఒరిగి కనిపిస్తే ఈ పని జరిగిందని పోల్చుకోవచ్చు. అందుచేత కాలం ఉన్న వరుసలన్నిటినీ, దించుకునేటప్పుడే, సంఖ్యలుగా కాక అక్షరాలుగా దించుకోవడం ఈ రంగంలో ఎవరూ వాదించని ఒకే ఒక్క నియమం.

అక్షరాలుగా వచ్చినదాన్ని గీత దగ్గర రెండు ముక్కలు చేసి, రెంటినీ విడివిడిగా పూర్ణసంఖ్యలుగా చదివితే దశాంశపు గందరగోళం మొదటే తొలగిపోతుంది. పైథాన్ భాష తెలుగు అంకెలను కూడా అంకెలుగానే చదవగలదు కాబట్టి ముందు వాటిని మార్చవలసిన పని లేదు. అనుస్వారం వచ్చిన చోట మాత్రం అది తప్పు చూపి ఆగిపోతుంది, అలా ఆగడమే మేలు.

```python
from datetime import datetime, timedelta

def ghadi(s):
    g, v = s.strip().split("-")
    return timedelta(minutes=24*int(g) + 0.4*int(v))

udayam = datetime(2001, 3, 20, 6, 11)
print(udayam + ghadi("౫౧-౩౦"))
```

ఇక్కడి సంవత్సరం ఉదాహరణకు పెట్టినదే. 51 ఘడియల 30 విఘడియలు 20 గంటల 36 నిమిషాలవుతాయి, 6.11కు కలిపితే 26 గంటల 47 నిమిషాలు, అంటే మార్చి 21 తెల్లవారుజాము 2 గంటల 47 నిమిషాలు. పై లెక్క తేదీతో సహా ఆ జవాబే ఇస్తుంది.

ఈ తేదీ మార్పు మీదనే గడియారపు గంటల్లో అచ్చయ్యే నేటి పంచాంగాలతో అసలు పేచీ. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలై మరుసటి సూర్యోదయంతో ముగుస్తుంది గనుక బుధవారం వరుసలో ఉన్న రా.1.20 గానీ, తె.4.35 గానీ కాగితం మీద బుధవారమే అయినా ప్రామాణిక లెక్కలో గురువారం. కొన్ని పట్టికలు ఈ తికమక లేకుండా 25.20, 28.35 అని ఇరవై నాలుగు దాటించి అచ్చువేస్తాయి. మార్చేవారికి ఇది ఎంతో ఉపకారం. కాని సాధారణ గంటల రూపంలో చూపించే సెల్ దాన్ని 1:20గా కుదించి చూపుతుంది, `[h]:mm` అనే రూపం పెట్టినప్పుడే 25:20 కనిపిస్తుంది. రాత్రి పన్నెండు దగ్గర ఇంకొక మెలిక ఉంది. రా.11.50 ఆ తేదీదే, రా.12.20 మరుసటి తేదీది. పన్నెండును పన్నెండుగానే ఉంచి పన్నెండు కలిపే సూత్రం రా.12.20ని 24.20 చేస్తే తేదీ సరిగ్గా దాటుతుంది, అదే సూత్రం మ.12.20ని కూడా 24.20 చేస్తే మధ్యాహ్నం అర్ధరాత్రి అవుతుంది. కాబట్టి ముందున్న పొడి అక్షరాన్ని, గంటను కలిపి చదివే చిన్న పట్టిక ఒకటి ప్రతి పంచాంగానికీ విడిగా తయారు చేసుకోక తప్పదు.

విడిగా అనడానికి కారణం, ఆ పొడి అక్షరాలు అన్ని పంచాంగాల్లో ఒకే అర్థంలో లేకపోవడమే. ఉ, మ, సా, రా, తె అని అయిదు భాగాలు చేసే పంచాంగాలున్నాయి. ప, రా అని రెండే వాడేవి ఉన్నాయి. ఈ రెండో రకంలో ప అంటే పగలు, అంటే సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఏ సమయమైనా. ప.10.15 అంటే పొద్దున పదీపావు, ప.2.40 అంటే మధ్యాహ్నం దాటాక. గంటను చూసే పోల్చుకోవాలి. వేసవిలో భవానీపురంలో సూర్యుడు అయిదున్నర దాటగానే ఉదయించి ఆరున్నర దాకా ఉంటాడు కాబట్టి, ప.6.05 అనే మాటకు రెండు అర్థాలూ చెల్లుతాయి. దీన్ని ఏ సూత్రమూ తేల్చలేదు, పై కింద వరుసలే తేల్చాలి. ముందురోజు తిథి ప.7.10కి ముగిసి ఉంటే, ఆ 7.10 పొద్దుటిది కాక తప్పదు, ఆ వేళ సాయంత్రం ఏడు రాత్రి కిందికి పోతుంది. అందుచేత ఈ రోజు 6.05 పొద్దుటిదైతే మధ్యలో 22 గంటల 55 నిమిషాలు, సాయంత్రానిదైతే 34 గంటల 55 నిమిషాలు. ఏ తిథీ ముప్పై అయిదు గంటలు ఉండదు.

ఇక్కడే పంచాంగ పట్టికకు మరే పట్టికకూ లేని ఒక సౌకర్యం బయటపడుతుంది. తిథి అంటే చంద్రుడు సూర్యుడి నుంచి పన్నెండు డిగ్రీలు జరగడానికి పట్టే కాలం. చంద్రుడి వేగం మారుతుంటుంది కనుక తిథి పొడవు కూడా మారుతుంది, కాని ఒక హద్దులో. పాత సిద్ధాంత గణితంలో తిథి 65 ఘడియలకు పెరగకుండా, 54కు తగ్గకుండా ఉంటుందనేది పంచాంగకర్తలందరికీ తెలిసిన నియమం, గంటల్లో అది 21.6 నుంచి 26. ఆకాశంలో కనిపించే స్థానాలకు సరిపోయే దృక్ గణితంలో హద్దు ఇంకా వెడల్పు, ఇంచుమించు 20 గంటల నుంచి 26 గంటల 47 నిమిషాల దాకా. మార్చిన విలువలను తేదీతో సహా ఒకే గీత మీద పేర్చి, ఒక్కో ముగింపు నుంచి ముందు ముగింపును తీసివేస్తే ప్రతి తేడా ఈ హద్దులో పడాలి. తేదీ దాటడం మరిచినప్పుడు తేడా ఒకసారి ఇరవై నాలుగు గంటలు తగ్గి, మరొకసారి పెరుగుతుంది. పగలు రాత్రి తారుమారైతే పన్నెండు గంటల తప్పు కనిపిస్తుంది. ఈ రెండూ దొరకకుండా పోవు.

చిన్న తప్పులు మాత్రం హద్దులకు చిక్కవు. వరుసగా అయిదు రోజుల తిథి ముగింపులు 23-45, 21-10, 18-20, 15-25, 12-35 అనుకుంటే తిథుల పొడవులు ఒక్కొక్కటి అరవై ఘడియలకు పై తేడాను కలిపి చూడగా 57-25, 57-10, 57-05, 57-10 వస్తాయి. ఓసీఆర్ నాలుగో రోజు 15లోని 5ను 3గా చదివి 13-25 అని ఇచ్చిందనుకుందాం. అప్పుడు పొడవులు 57-25, 57-10, 55-05, 59-10. ఈ నాలుగూ పాత నియమం ప్రకారమే హద్దులో ఉన్నాయి. అయినా మూడోది కుంగి, నాలుగోది సరిగ్గా అంతే లేచింది. తిథి పొడవు నెల పొడుగునా నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తరుగుతుంది తప్ప ఒక రోజుకూ మరో రోజుకూ నాలుగు ఘడియలు ఎగరదు, పక్కపక్క తిథుల మధ్య సాధారణంగా రెండు ఘడియలకు లోపే తేడా. ఒక పల్లం, దాని వెంటనే ఒక మెట్ట కనిపిస్తే వాటి మధ్యనున్న అంకె ఒక్కటే తప్పని, అది ఎంత తప్పో కూడా చెప్పవచ్చు: ఇక్కడ రెండు ఘడియలు. స్కాన్ బొమ్మ తెరిచి ఆ ఒక్క గడిని కంటితో చూస్తే సరిపోతుంది. విఘడియల స్థానంలో జరిగిన ఒకటి రెండు అంకెల తప్పును ఈ పరీక్ష కూడా పట్టలేదు, అది పట్టాలంటే రెండుసార్లు విడివిడిగా దించి పోల్చడమే మార్గం.

ఈ పరీక్షకు లొంగని గళ్ళు రెండు రకాలున్నాయి. తిథి చిన్నదై ఒకే రోజులో రెండు తిథులు ముగిసినప్పుడు ఒకే గడిలో రెండు అంకెలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఓసీఆర్ వాటిని మరుసటి వరుసకు తోసేస్తే అక్కడి నుంచి నెలాఖరు దాకా తిథులన్నీ ఒక రోజు జారుతాయి. దానికి ఎదురైనది తిథి వృద్ధి. ఒక తిథి ఒక సూర్యోదయానికి ముందే మొదలై మరుసటి సూర్యోదయం తర్వాత కూడా సాగితే, మొదటి రోజు గడిలో 60-00 అనో, పూర్తి అనో వేసి రెండో రోజు మిగిలిన ఘడియలు వేస్తారు. ఆ 60-00 చూడడానికి అచ్చంగా కొలతలాగే ఉన్నా కొలత కాదు, ఈ రోజు ఏదీ ముగియలేదని చెప్పే గుర్తు. దాన్ని 24.0 గంటలుగా మార్చినవారు మరుసటి సూర్యోదయానికి సరిగ్గా తిథి ముగిసిందని పంచాంగం చెప్పని మాట చెప్పినట్టవుతుంది. ఆ గడిని కాలంగా మార్చకుండా ఖాళీగా వదిలి, పక్క వరుసలో వృద్ధి అని రాసుకోవడమే సరైన పద్ధతి.

ముగింపు క్షణాల సంగతి ఇది. కాల పరిమాణాలు, అంటే ఎంతసేపు అన్నవి, వేరు. పంచాంగంలో వీటికి మంచి ఉదాహరణ వర్జ్యం, శుభకార్యాలకు వదిలేసే కాలభాగం. ప.10.52 ల 12.25 వ అని ఉంటే ల అంటే లగాయతు, వ అంటే వరకు. పట్టికలో ఈ రెండు సంఖ్యలను ఉన్నవి ఉన్నట్టుగా తీసివేస్తే 1.73 వస్తుంది, దాన్ని గంట నలభై నాలుగు నిమిషాలని చదువుతారు. నిజానికి 10.52 నుంచి 12.25 వరకు గంట 33 నిమిషాలే, దశాంశంలో 1.55. వర్జ్యం ఆ నక్షత్రం పొడవులో పదిహేనో వంతు. నక్షత్రం సుమారు 21 నుంచి 27 గంటలుంటుంది కనుక వర్జ్యం గంట 24 నిమిషాల నుంచి గంట 48 నిమిషాల వరకు ఉండవచ్చు. తప్పుడు విలువ కూడా ఈ హద్దులోనే ఉంది! దాన్ని పట్టేది నక్షత్రం వరుస ఒక్కటే. 1.55ను పదిహేనుతో గుణిస్తే నక్షత్రం 23.25 గంటలని తేలుతుంది, 1.73తో అయితే దాదాపు 26. ఆ నక్షత్రం మొదలు, ముగింపుల మధ్య తేడా ఈ రెంటిలో దేనికి దగ్గరగా ఉందో చూస్తే చాలు. ఒక వరుసను వేరే వరుసతో నిలదీయగలగడం పంచాంగాన్ని మార్చేవారి చేతిలోని అసలు సాధనం, దాన్ని వాడకుండా అంకెల హద్దులతోనే తృప్తిపడే సూత్రాలు సగం పనే చేస్తాయి.

దశాంశంలో ఎన్ని స్థానాలు ఉంచాలన్నది చిన్న ప్రశ్నే కాని తరచూ తప్పుతున్నది. గంటలో రెండో దశాంశ స్థానం 36 సెకన్లు. కుదించినప్పుడు పోయేది గరిష్ఠంగా 18 సెకన్లు కాబట్టి నిమిషాల్లో ఉన్న విలువను రెండు స్థానాలతో రాసినా తిరిగి అదే నిమిషాన్ని పొందవచ్చు. విఘడియ 24 సెకన్లే. పద్దెనిమిది సెకన్ల నష్టం అందులో సగానికి మించుతుంది గనుక పక్క విఘడియ వచ్చే అవకాశం ఉంది. ఘడియల పట్టికకు మూడు స్థానాలు ఉంచాలి.

ఇప్పటివరకు చెప్పిన లెక్కంతా సూర్యోదయం తెలుసన్న ఊహ మీద నడిచింది. నిజానికి ఏ సూర్యోదయం? తిథి ముగిసే క్షణం లోకమంతటికీ ఒకటే. కాని అది సూర్యోదయం నుంచి ఎన్ని ఘడియలన్నది ఊరిని బట్టి మారుతుంది. భవానీపురం తూర్పు రేఖాంశం సుమారు 80.6 డిగ్రీలు, హైదరాబాద్ 78.5, ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున విజయవాడలో సూర్యుడు ఇంచుమించు ఎనిమిదిన్నర నిమిషాలు ముందు ఉదయిస్తాడు, అక్షాంశాల తేడా వల్ల కాలాన్ని బట్టి కొద్దిగా హెచ్చుతగ్గులతో. హైదరాబాద్‌కు గణించిన పంచాంగంలోని ఘడియలకు విజయవాడ సూర్యోదయం కలిపితే జవాబు అంతమేర వెనక్కి జరుగుతుంది, అది ఇరవై ఒక్క విఘడియల తప్పు, పట్టిక పొడుగునా ఒకే వైపు. అందువల్ల మార్చేవారి ఊరు కాక పంచాంగం ముఖపత్రంలో చెప్పిన ఊరే ఆధారం కావాలి. మేఘనాద్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం 1955లో నివేదిక ఇచ్చాక వెలువడుతున్న రాష్ట్రీయ పంచాంగం ఈ చిక్కును తొలగించడానికే దేశానికంతటికీ ఒకే కేంద్రస్థానాన్ని, భారత ప్రామాణిక కాలపు 82.5 డిగ్రీల రేఖాంశం మీద ఉజ్జయిని అక్షాంశంలో, తీసుకుని ముగింపులను ప్రామాణిక కాలంలోనే ఇస్తుంది. మార్చేవారికి అది వరమే, ఎందుకంటే అక్కడ మార్చవలసినదే లేదు. అయితే అందులోని సూర్యోదయాన్ని భవానీపురానికి పెట్టుకోరాదు.

సూర్యోదయం అనే మాటకు కూడా రెండు కొలతలున్నాయి. సూర్యబింబం పై అంచు క్షితిజాన్ని తాకడం, వాతావరణంలో కాంతి వంగడాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, ఆధునిక సూర్యోదయం. బింబకేంద్రం క్షితిజం మీదకు రావడం, ఆ వంపును పట్టించుకోకుండా, పాత సిద్ధాంత గణితంలోని ఉదయం. విజయవాడ అక్షాంశంలో ఈ రెంటికీ తేడా మూడున్నర నిమిషాలు. పంచాంగంలో దిన ప్రమాణం, అంటే పగటి పొడవు, ఇచ్చి ఉంటే ఏ ఉదయాన్ని వాడారో తెలుసుకోవచ్చు: విషువత్తు రోజున పగలు 30 ఘడియలని ఉంటే రెండోది, 30-18 దగ్గర ఉంటే మొదటిది, ఎందుకంటే రెండు చివరలా మూడున్నర నిమిషాల చొప్పున కలిసి పగలు ఏడు నిమిషాలు పెరుగుతుంది. ఇంద్రకీలాద్రికి పడమరగా ఉన్న భవానీపురం వీధుల్లో కొండ అడ్డు వల్ల సూర్యుడు ఇంకా ఆలస్యంగా కనిపిస్తాడు గాని, ఏ పంచాంగమూ కొండలను లెక్కించదు.

పాత పంచాంగాలకు మరో పొర ఉంది. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం వచ్చేవరకు రైళ్ళూ, తంతి కార్యాలయాలూ మద్రాసు కాలాన్ని పాటించేవి. అది ఇప్పటి కాలం కంటె సుమారు తొమ్మిది నిమిషాలు వెనక. యుద్ధకాలంలో 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు గడియారాలు గంట ముందుకు జరిగాయి. ఆ సంవత్సరాల పంచాంగంలో గడియారపు గంటలు కనిపిస్తే అవి చట్టప్రకారం జరిపిన గంటలో, పాత గంటలో ముందు తేల్చుకోవాలి. సూర్యోదయం వరుసే ఆ మాట చెబుతుంది, విజయవాడలో మార్చి సూర్యోదయం 7.11 అని ఉంటే గంట జరిగినట్టే. ఘడియల్లో ఇచ్చిన తిథికి మాత్రం ఈ మార్పులేవీ అంటవు. సూర్యుడి నుంచి లెక్కించినదాన్ని ప్రభుత్వ ఉత్తరువు జరపలేదు. స్కాన్ చేసినదాంట్లో గంటల వరుస, ఘడియల వరుస రెండూ ఉంటే, మార్చడం కష్టమైనా, ఘడియలనే మూలంగా పట్టుకోవడం ఈ కారణంచేత మంచిది.

మార్చిన విలువలను ఆధునిక ఖగోళ గణిత సాఫ్ట్‌వేర్‌తో సరిచూడడం ఇప్పుడు వాడుకలోకి వచ్చిన పద్ధతి. దృక్ పంచాంగమైతే తేడా నిమిషాల్లో ఉంటుంది, అంతకు మించితే దించడంలో తప్పు జరిగిందనే చెప్పవచ్చు. సూర్యసిద్ధాంతాన్ని అనుసరించిన పంచాంగమైతే తిథి ముగింపు నేటి లెక్కకు కొన్ని గంటల దాకా దూరంగా ఉండవచ్చు, అది అచ్చుతప్పూ కాదు, ఓసీఆర్ తప్పూ కాదు. అలాంటి పట్టికను కంప్యూటర్ లెక్కతో సరిదిద్దడమంటే ఆ పంచాంగం చెప్పినదాన్ని చెరిపి మరొకటి రాయడమే. తేడా రోజురోజుకూ నెమ్మదిగా మారుతుంటే అది గణిత పద్ధతిలోని తేడా. ఒక్క రోజున ఎగిరి మళ్ళీ పాత దారిలో పడితే ఆ ఒక్క గడిలోనే తప్పు.

మార్చిన పట్టికలో అసలు అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు ఒక వరుసలో, వాడిన సూర్యోదయమూ దాని ఊరూ మరొక వరుసలో ఉంచితే, తర్వాత ఎవరికైనా సూర్యోదయం తప్పని తోచినప్పుడు మొత్తం పట్టిక మళ్ళీ దించకుండా కూడిక ఒక్కటే మళ్ళీ చేసుకోవచ్చు. ముఖపత్రం చిరిగిపోయి ఊరు తెలియని, సూర్యోదయం వరుస లేని పాత ప్రతులు కూడా స్కాన్లలో దొరుకుతుంటాయి. వాటిలో 23-45ను 0.396 రోజుగానో, సూర్యోదయం తర్వాత 9.5 గంటలుగానో రాయడం వరకు న్యాయం. గడియారపు కాలం ఉండవలసిన గడిని ఖాళీగానే వదలాలి.